మూడు కింగ్‌లున్నా డ్రా ఎందుకు?

పోయిన వారం ఒక పాఠకుడు స్క్రీన్‌షాట్ పంపాడు. రష్యన్ డ్రాఫ్ట్స్ ఆట. తనకి మూడు కింగ్‌లు, అవతలివాడికి ఒక్కటే. 'ఇంకో పది నిమిషాలు ఆడితే గెలిచేవాణ్ణి సార్, యాప్ మధ్యలోనే డ్రా అని ఆపేసింది. ఇది బగ్గేనా?' అని అడిగాడు.

బగ్ కాదు. ఆ స్క్రీన్‌షాట్‌లో నల్ల కింగ్ ఎక్కడుందో చూస్తే సమాధానం అక్కడే ఉంది. అది a1 నుంచి h8 వరకు మూల నుంచి మూలకు పోయే ఆ పొడవాటి గీత మీద కూర్చుంది. రష్యన్లు దీన్ని పెద్ద రోడ్డు అంటారు. మనం పెద్దబాట అందాం.

ముందు ఒక మాట. ఈ ఆటలో కింగ్ ఒక్కో గడి నడిచేది కాదు. ఏటవాలుగా ఎంత దూరమైనా దూకుతుంది. దారిలో శత్రువు ఉండి, దాని వెనక గడి ఖాళీగా ఉంటే కొట్టి తీరాలి, కుదరదు అనడానికి లేదు. కొట్టాక మరొకటి కొట్టే వీలుంటే అదీ కొట్టాలి. బోర్డు అంచున ఉన్నదాన్ని మాత్రం ఎవరూ కొట్టలేరు, ఎందుకంటే దాని వెనక గడే ఉండదు. పెద్దబాట కథంతా ఈ నియమాల్లోంచే పుడుతుంది.

a1, h8 మూలలకి వెళ్లడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ పెద్దబాటే. ఒంటరి కింగ్ a1లో ఉందనుకోండి. దాన్ని అక్కడ కొట్టలేం. ఎదురుగా h8లో మన కింగ్ ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే, బాట మీద ఎక్కడికి కదిలినా మనం కొట్టేస్తాం. కానీ h8కి మన కింగ్ చేరేదెలా? ముందు బాట మీద ఎక్కడో ఒకచోట కాలు పెట్టాలి. పెట్టిన మరుక్షణం అది మనల్ని కొట్టేస్తుంది. ఇంటికి ఒకటే గుమ్మం, ఆ గుమ్మంలో కాపలావాడు నిలబడ్డాడు. అదీ సంగతి.

అందుకే రూల్స్‌లో కూడా రెండు లెక్కలున్నాయి. ఒంటరి కింగ్ బాట మీద లేకపోతే, మూడు కింగ్‌లవాడికి 15 ఎత్తులు ఇస్తారు. బాట మీద ఉంటే 5 ఎత్తులే. ఆ 15 ఊరికే పెట్టింది కాదు. బాట మనదైతే, మూడు కింగ్‌లని త్రికోణంగా నిలిపి ఒంటరి కింగ్‌ని తరిమి, చివర్లో మనవాటిని బలిచ్చి పట్టుకునే పద్ధతికి 15 ఎత్తులు చాలు. దాన్ని పెట్రోవ్ త్రికోణం అంటారు. 1827లో రష్యాలో డ్రాఫ్ట్స్ మీద పుస్తకం రాసిన చెస్ మాస్టర్ అలెగ్జాండర్ పెట్రోవ్ పేరు అది.

కాబట్టి ముగింపుకి వచ్చేసరికి మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న 'నాకెన్ని కింగ్‌లున్నాయి' అని కాదు. 'బాట ఎవరిది? ఎత్తు ఎవరిది?' అని. ఒక పొజిషన్ పెట్టి చూద్దాం. ఫోన్‌లో బోర్డు తెరిచి మీరూ పెట్టండి.

తెల్ల కింగ్‌లు b8, c1, g1. నల్ల కింగ్ h4. బాట ఖాళీగా ఉంది.

ఎత్తు తెల్లదైతే c1 నుంచి b2కి. అంతే, బాట మనది. ఇప్పుడు నల్ల కింగ్ f6కి వచ్చి బాట ఎక్కాలని చూస్తే b2 నుంచి దాన్ని కొట్టేస్తాం. తర్వాత వీలు చూసుకుని మన కింగ్‌ని a1 మూలకి లాగేసి, మిగతా రెండింటితో పెట్రోవ్ త్రికోణం మొదలుపెట్టొచ్చు. ఇది గెలుపు పొజిషన్.

అదే పొజిషన్‌లో ఎత్తు నల్లదైతే? h4 నుంచి f6కి. బాట ఎక్కేసింది, దాన్ని కొట్టేవాళ్లు లేరు. ఒక్క ఎత్తు తేడాతో పాయింటు కాస్తా అరపాయింటు అయింది.

అయినా చేతులెత్తేయక్కర్లేదు. ఇక్కడ తెల్లకి మంచి ఉచ్చు ఒకటుంది. c1 నుంచి e3కి జరపండి. చూడ్డానికి ఏమీ లేదు. నల్ల కింగ్ 'మూలకి పోతే భద్రం కదా' అని h8లోకి దూరిందనుకోండి. ఇప్పుడు b8 కింగ్‌ని తెచ్చి e5లో, బాట మధ్యలో పెట్టండి. నల్ల కింగ్ దాన్ని కొట్టాలి. కొట్టాక c3లోనో a1లోనో దిగుదామంటే రూల్ ఒప్పుకోదు. d4లో దిగితే అక్కడి నుంచి e3ని కూడా కొట్టే వీలుంది, కాబట్టి d4లో దిగి e3ని కొట్టి తీరాలి. e3 అవతల ఖాళీగా ఉన్నది f2 ఒక్కటే, ఎందుకంటే g1లో మనవాడున్నాడు. f2లో దిగగానే g1 కింగ్ దాన్ని కొట్టేస్తుంది. రెండిచ్చి ఒకటి తీసుకున్నాం, ఆట అయిపోయింది.

నల్ల కింగ్ g7కి వెళ్లినా ఇదే గతి. మరి తప్పించుకునే దారి? బాట రెండో సగంలోకి, అంటే a1 వైపు పోవడం. a1లో ఉంటే e5 బలి పనిచేయదు, కొట్టే దిశ మారిపోతుంది. అక్కడ ఉచ్చు వేయాలంటే అద్దంలో చూసినట్టు అంతా తిరగబడాలి. b8లో ఒకటి, d6లో ఒకటి ఉండి, మూడోది d4కి వచ్చి బలి కావాలి.

సరే, అదే చేద్దాం అనుకుంటే ఏమవుతుందో చూడండి. e3 నుంచి d6కి ఒక్క ఎత్తులో పోలేం. ముందు c5కి పోవాలి. మనం c5కి వెళ్లగానే నల్ల కింగ్ తీరిగ్గా a1 నుంచి h8కి దూకుతుంది. మనం d6కి వెళ్తాం. a1 వైపు ఉచ్చు సిద్ధం. కానీ చేప ఇప్పుడు h8 వైపు ఉంది, h8 నుంచి g7కి జరిగి ఊరుకుంటుంది. మళ్లీ e3కి తిరిగొస్తే అది మళ్లీ అటు పోతుంది. మూడు కింగ్‌లతో ఒకసారి ఒక సగానికే ఉచ్చు వేయగలం. ఉచ్చు వేశాక ఎత్తు దానిదే, కాబట్టి రెండో సగంలోకి జారుకోవడానికి దానికి ఎప్పుడూ ఒక ఎత్తు దొరుకుతుంది. 5 ఎత్తులే ఇవ్వడం అన్యాయం కాదని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ 5 ఎత్తుల్లో అవతలివాడు నిద్రపోతే గెలుస్తారు, మేలుకుని ఉంటే యాభై ఎత్తులిచ్చినా గెలవరు.

మీరు మూడు కింగ్‌ల వైపు ఉండి బాట పోయిందనుకోండి. ఉన్న ఎత్తుల్ని ఊరికే తరమడానికి ఖర్చుపెట్టకండి. అది ఏ సగంలో ఉందో చూసి, ఆ సగానికి సరిపడే ఉచ్చు మాత్రమే వేయండి. ఒంటరి కింగ్ మీదైతే ప్రతి ఎత్తుకీ అవతలివాడి మూడో కింగ్ ఎక్కడుందో చూడండి. e3లో ఉంటే a1 వైపు, d6లో ఉంటే h8 వైపు ఉండాలి. వాడు కింగ్‌లని రెండో పక్కకి మార్చి a7, h2లలో పెడితే ఆ గడులు c5, f4 అవుతాయి. c5 అయితే a1 వైపు, f4 అయితే h8 వైపు.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క మాత్రం ఇంకా ముందే చేయాలి. మీ మూడో బిళ్ళని కింగ్ చేయడానికి పరుగెత్తే ముందు ఆగి, అవతలి కింగ్ ఒక్క ఎత్తులో బాట ఎక్కగలదా అని చూడండి. ఎక్కగలిగితే, మూడో కింగ్ తర్వాత, ముందు మీ కింగ్‌ని బాట మీద కూర్చోబెట్టండి. రెండు కింగ్‌లతో బాట మీదుంటే మూడోది నింపాదిగా తెచ్చుకోవచ్చు. మూడు కింగ్‌లుండి బాట లేకపోతే మాత్రం ఇక అవతలివాడి పొరపాటు కోసం ఎదురుచూడ్డమే.