మొదటి ఏడు 99 రూపాయలు, రెండో ఏడు 5,411



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో జరిగిన గొడవ గురించి గ్రూపులో తలో మాట నడుస్తున్నది. మాజీ సెక్రటరీ గారు డబ్బు తిన్నారని ఒకరు, ట్రెజరర్ గారు పెద్దమనిషిని అవమానించారని ఇంకొకరు. ఇద్దరిదీ తప్పు లేదు. కాగితాలన్నీ మా చేతికొచ్చినాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు రాయడం పెద్దయ్యాక పట్టుబడింది. అక్షరం తప్పు పోతే సర్దుకోండి. లెక్క తప్పు పోదు. రైల్వే బుకింగు కౌంటరులో సాయంత్రం పైసా తక్కువైతే సొంత జేబులోంచి కట్టినవాళ్లం.

సంగతి ఇది. పోయిన ఏడు వధూవరుల పరిచయ మేళాకు దరఖాస్తులు ఇంటి నుంచే పంపేటట్టు సంఘానికి వెబ్‌సైటు పెట్టాలన్నారు. అప్పటి సెక్రటరీ గారు తన మనవడిని కూర్చోబెట్టుకొని ఇంటర్నెట్‌లో పేరు కొన్నారు. డాట్ కామ్ కాదు, ఈమధ్య వచ్చిన కొత్త తోకల్లో ఒకటి. ధర 99 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 116 రూపాయల 82 పైసలు. మన చిరునామా బయటివాళ్లకు కనిపించకుండా దాచే సౌకర్యం మొదటి ఏడు ఉచితం, ఒక మెయిల్ పెట్టె కూడా ఉచితం. డబ్బు తన కార్డులో కట్టి, సంఘం దగ్గర తీసుకున్నారు. అందరం మెచ్చుకున్నాము.

ఏడాది తిరిగింది. పదవి మారింది, కార్డు మారలేదు. కంపెనీ తానుగా ఆయన కార్డులోంచి 5,411 రూపాయల 48 పైసలు లాగేసింది. బిల్లు విప్పి చూస్తే పేరుకు 2,799, చిరునామా దాచినందుకు 599, ఎవరూ తెరవని మెయిల్ పెట్టెకు నెలకు 99 చొప్పున 1,188. అన్నీ కలిపితే 4,586, దాని మీద జీఎస్టీ 825.48. ఆయన బిల్లు తెచ్చిస్తే ట్రెజరర్ గారు పోయిన ఏటి రశీదు తీసి, 117 రూపాయల వస్తువుకు ఇంత బిల్లా అని అడిగారు. అక్కడ మొదలైంది గొడవ.

కంపెనీ మోసం చేసిందా అంటే, లేదనే చెప్పాల్సి వస్తున్నది. కొనేటప్పుడు 99 అని బొటనవేలంత అక్షరాల్లో ఉన్నచోటే, దాని కింద చీమంత అక్షరాల్లో Renews at అని రెండో ఏటి ధర ఉంది. మనవడు తన ఫోనులో దాచిన బొమ్మలో మేమే చూశాము. మోసం కాదు గాని, మర్యాద కూడా కాదు. సీజన్ టికెట్ మొదటి నెల పది రూపాయలకిచ్చి రెండో నెల మూడు వందలు అడిగితే మా కౌంటరు అద్దం మిగిలేదా?

ఇట్లా ఎందుకు అమ్ముతారంటే, ప్రతి తోకకూ వెనక ఒక టోకు సంస్థ ఉంటుంది, మనకు అమ్మేది చిల్లర కొట్టు. డాట్ కామ్ టోకు ధర 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లు అయింది. ఒక ఏడాదిలో 7 శాతం కన్నా ఎక్కువ పెంచకూడదని ఒప్పందంలో హద్దు కూడా ఉంది. అంటే డాట్ కామ్‌ను 99 రూపాయలకిచ్చే కొట్టు చేతి డబ్బు పోసుకొని ఇస్తున్నది. రెండో ఏడు రాబట్టుకోకుండా ఉంటుందా? కొత్త తోకలకు ఆ హద్దు లేదు. అక్కడ టోకువాడే మొదటి ఏటికి ధర దింపి, తర్వాతి ఏళ్లకు ఎక్కువ పెడతాడు. పేరు ఒకసారి నోటీసుల మీద, కల్యాణ మండపం బోర్డు మీద, దరఖాస్తు ఫారాల మీద అచ్చయ్యాక మనం వదులుకోలేమని వాళ్లకు తెలుసు. వెయ్యి ఫారాలు మళ్లీ అచ్చు వేయించే ఖర్చు కన్నా వాళ్ల బిల్లు తక్కువ.

అందుకే మా అభిప్రాయం ఇది: సంఘం పేరు కొనేటప్పుడు మొదటి ఏటి ధరను అసలు చూడనే కూడదు. ఐదేళ్ల మొత్తం వేయండి. మనది 99కి నాలుగు 2,799లు కలిపితే 11,295. పేరు ఒక్కదానికే, జీఎస్టీ కాక. ఏడాదికి 900 పడే పేరు కొని ఉంటే ఐదేళ్లకు 4,500 అయ్యేది. ఆ రోజు 99 చవక అనిపించింది, 900 దుబారా అనిపించింది. మేమూ ఆ మీటింగులో చెయ్యెత్తినవాళ్లమే.

డబ్బు పోయాక చేసింది కూడా చెప్పాలి. కంపెనీకి ఫోను చేశాము. వాడని మెయిల్ పెట్టె, చిరునామా దాచే సౌకర్యం రద్దు చేయమని అడిగితే ఆ రెంటికీ పన్నుతో సహా 2,108 రూపాయల 66 పైసలు వెనక్కి వేశారు. పేరు డబ్బు మాత్రం ఇవ్వలేదు. కాబట్టి మాజీ సెక్రటరీ గారికి సంఘం ఇవ్వాల్సింది 3,302 రూపాయల 82 పైసలు. అది ఇచ్చి తీరాలి.

కార్డు నుంచి ఇట్లా తానుగా పోయే డబ్బుకు రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటుంది. కనీసం 24 గంటల ముందు మెసేజి రావాలి, వద్దంటే ఆపుకోవచ్చు. 15,000 లోపు మొత్తానికి ఓటీపీ అడగదు. ఆయనకు మెసేజి వచ్చింది. ఏదో ప్రకటన అనుకొని తుడిచేశారు. కంపెనీ కూడా గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మెయిల్ పంపాలి. డాట్ కామ్‌కైనా కొత్త తోకలకైనా ఆ నియమం ఉంది. పంపింది కూడా. ఎక్కడికి? ఉచితంగా వచ్చిన, ఎవరూ తెరవని ఆ మెయిల్ పెట్టెకే. పైగా పేరు గడువు దాటి ఆగిపోతే దాని మీదున్న మెయిలూ ఆగిపోతుంది, కబురు అందే దారే ఉండదు. అందుకని కంపెనీ దగ్గర రాసే మెయిలు ఈ పేరుతో సంబంధం లేని వేరే మెయిలు కావాలి, దాని పాస్‌వర్డు ఇద్దరు పదవిదారుల దగ్గర ఉండాలి.

కంపెనీ మారిపోదామని కొందరన్నారు. మారవచ్చు. పాత కంపెనీలో తాళం తీసి, Auth code అనే రహస్య సంఖ్య తీసుకొని కొత్త కంపెనీలో ఇస్తే ఐదారు రోజుల్లో అయిపోతుంది. అక్కడ కట్టే డబ్బుకు ఒక ఏడాది గడువు కలుస్తుంది. అయితే పేరు కొన్న 60 రోజుల లోపల మార్చనివ్వరు. ఇప్పుడు సెక్రటరీ గారి పేరు తీసి సంఘం పేరు పెట్టినా చాలా కంపెనీలు మళ్లీ 60 రోజులు తాళం వేస్తాయి. కాబట్టి గడువుకు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. ఇంకొక చిక్కు, మన తోకకు టోకు ధరే ఎక్కువ కాబట్టి ఏ కొట్టుకు పోయినా పెద్దగా తగ్గదు.

ఆటో రిన్యూ తీసేస్తే సరిపోదా అని ట్రెజరర్ గారు అడిగారు. మేము ఈ వారమే తీసేశాము, కార్డు కూడా తొలగించాము. కాని మరచిపోతే ఇంకా పెద్ద నష్టం. గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకే తిరిగి ఇస్తారు, ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఆ తర్వాత 30 రోజులు విడిపించుకునే గడువు, దానికి వేరే పెద్ద రుసుము. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు బజారులో పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. మన ఆడపిల్లల వివరాలు పంపే చిరునామా ఎవరి చేతిలోనో పడితే ఏమవుతుందో తలచుకోండి.

కాబట్టి వచ్చే మీటింగులో మేము పెట్టబోయే మాట ఇది. ఇప్పుడే సంఘం పేరున ఒక డాట్ ఇన్ గాని డాట్ కామ్ గాని, Renews at ధర చూసి, ఐదేళ్లకు ఒకేసారి కట్టి కొందాము. ఒకేసారి పదేళ్ల వరకు కట్టుకోవచ్చు గాని ఐదు చాలు. పాత పేరుకు ఎట్లాగూ డబ్బు కట్టేశాము, ఇంకా పది నెలలు ఉంది. అందాకా పాత పేరు కొట్టినవాళ్లు కొత్తదానికి చేరేటట్టు పెట్టి, ఈ పొంగల్ ఫారాల నుంచి కొత్త పేరే అచ్చు వేయిద్దాము. పది నెలలయ్యాక కూడా పాతదాన్ని కొట్టేవాళ్లు ఎక్కువగా ఉంటే ఇంకొక ఏడు 2,799 కట్టాల్సి రావచ్చు, అది ముందే చెబుతున్నాము. బిల్లుల నకళ్లు మా దగ్గర ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్లు ఆదివారం పది గంటలకు ఆఫీసుకు వచ్చి చూసుకోవచ్చు. మాజీ సెక్రటరీ గారినీ పిలిచాము, వస్తామన్నారు.