ఏడు రూపాయల చీటీ

మొన్న నారాయణఖేడ్ పోయినప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒక ప్రశ్న పట్టుకుని నా వెంట పడ్డాడు. వాడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఒక ట్రేడింగ్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు, తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో వాళ్ళు చెప్పలేదు. చివర్లో ఆడించిన పాచికల ఆట వల్లే అని వాడి నమ్మకం. "ఆటల నేనే గెలిచిన అన్నా. అయినా వద్దన్నరు. ఇదేం న్యాయం?" అంటాడు.

ఈ ఇంటర్వ్యూల మీద నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ మిత్రులది రెండే రెండు మాటలు. క్యాలిక్యులేటర్ ఉన్న కాలంలో ఈ నోటి లెక్కలేంటి, పాచికలేంటి, అంతా వేషం అని ఒకరంటారు. కాదు, అసలైన బుర్ర ఎవరిదో తేలేది అక్కడే అని ఇంకొకరంటారు. నాకు రెండూ తప్పుగానే కనిపిస్తాయి. నోటి లెక్కల పరీక్షనీ పాచికల ఆటనీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళం.

ముందు నోటి లెక్కల సంగతి. ఆప్టివర్ అనే డచ్ కంపెనీ వడపోత పరీక్ష ఈ రంగంలో అందరికీ తెలిసిందే: 8 నిమిషాల్లో 80 లెక్కలు. అంటే లెక్కకి ఆరు సెకన్లు. ఇలాంటి పరీక్షకి ఒకప్పుడు అర్థం ఉండేది. స్టాక్ ఎక్స్ఛేంజీ అంటే మనుషులు నిలబడి కేకలు వేసే హాలుగా ఉన్న రోజుల్లో, ఎదుటివాడు ధర అడిగితే కాగితం తీసే వ్యవధి ఉండేది కాదు. మన దగ్గర ఎన్ఎస్ఈ 1994లో కంప్యూటర్ తెరల మీదే మొదలైంది, మరుసటి ఏడాది బొంబాయి ఎక్స్ఛేంజీ కూడా తెరల మీదకి మారింది. ఇప్పుడు ధరలు పెట్టేది, తీసేసేది ఎక్కువగా ప్రోగ్రాములే. 17ని 24తో ఎవరు తొందరగా గుణిస్తారన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

మరి పరీక్ష ఎందుకు మిగిలింది? చవక కాబట్టి. వేలమంది దరఖాస్తుదారులని ఒక్క పూటలో వందమందికి దించుతుంది. అయితే అది కొలిచేది సాధనని. రెండు నెలలు రోజూ కూర్చుంటే ఎవరి వేగమైనా బాగా పెరుగుతుంది. ఆ రెండు నెలలు కూర్చోవాలని ముందే తెలిసినవాడు గట్టెక్కుతాడు. పెద్ద కాలేజీలో సీనియర్లు చెబుతారు, మావాడి కాలేజీలో చెప్పేవాళ్ళే లేరు. వాడితో పాటు రాసిన ఇద్దరు స్నేహితులు అక్కడే ఆగిపోయి, "మనకంత బుర్ర లేదులే" అనుకుని ఇంటికొచ్చారట. నా కోపమంతా ఆ మాట మీదే. తెలియని పరీక్షలో తప్పిన పిల్లలకి తమ తెలివి మీదే అనుమానం పుట్టించడం అన్యాయం.

పాచికల ఆట అలాంటిది కాదు. మావాడికి పెట్టింది ఇది. రెండు పాచికలు గిన్నె కింద ఉన్నాయి. వాటి మొత్తం ఎంతో అన్ని రూపాయలిచ్చే చీటీ ఉందనుకో. దాన్ని ఎంతకి కొంటావో, ఎంతకి అమ్ముతావో రెండు ధరలు చెప్పు. నీ ధరకి కొనాలో, అమ్మాలో, ఊరుకోవాలో నా ఇష్టం. ఒక్క షరతు: నేను ఒక పాచికని చూశాను, నువ్వు చూడలేదు.

సగటు 7 కాబట్టి మావాడు 6.50కి కొంటాను, 7.50కి అమ్ముతాను అన్నాడు. ఎదుటాయన 7.50కి కొన్నాడు. మళ్ళీ ధర చెప్పమంటే మావాడు అవే ధరలు చెప్పాడు. ఆయన మళ్ళీ కొన్నాడు. మూడోసారీ అంతే. గిన్నె తీస్తే 6, 1. మొత్తం 7. చీటీకి అర్ధరూపాయి చొప్పున మావాడికి రూపాయిన్నర లాభం. వాడి ఫిర్యాదు ఇదే.

ఇప్పుడు ఎదుటాయన వైపు నుంచి చూడండి. ఆయన చూసిన పాచికకి, చూడని దాని సగటు 3.5 కలుపుకుంటాడు. 7.50 పెట్టి కొనడం ఆయనకి లాభం కావాలంటే చూసినది 5 గానీ 6 గానీ అయ్యుండాలి. 4 అయితే లాభనష్టాలు సమానం, ఆ శ్రమెందుకని ఊరుకుంటాడు. అంటే ఆయన కొన్నాడంటే ఆ పాచిక సగటు 5.5. చీటీ అసలు విలువ 9. మావాడు తొమ్మిది రూపాయల సరుకుని ఏడున్నరకి అమ్మాడు. ఆయన 6.50కి అమ్మినా అంతే: చూసినది 1 లేదా 2, చీటీ విలువ 5. ఎటు తిరిగినా ప్రతి బేరంలో సగటున రూపాయిన్నర నష్టం. పాచికలు వేయగానే 7 సరైన జవాబే. ఎదుటివాడు "కొన్నా" అన్న క్షణం నుంచి కాదు.

మొదటి ధరలు మరీ తప్పని నేననను, కాస్త ఇరుకు, అంతే. చూడాల్సింది రెండో ధర. ఆయన కొన్నాక 8.50కి కొంటాను, 9.50కి అమ్ముతాను అని ఉంటే, చూసినది 5 అయినా 6 అయినా ఆయనకి మిగిలేదేమీ ఉండదు. మావాడు కదల్లేదు. చివర్లో 1 పడటం అదృష్టం. గిన్నె తీశాక వచ్చిన అంకెని బట్టి కాక, వాడు రెండోసారి చెప్పిన ధరని బట్టి తూచి ఉంటే, ఆ తూకం సరైనదే.

ఇది వాడికి తెలియని సంగతేం కాదు. కందులు అమ్మే రైతు ఒక ధర చెప్పగానే వ్యాపారి మారు మాట్లాడకుండా "సరే, తూకం వెయ్" అన్నాడనుకోండి. ఆ రైతు సంతోషించడు. అయ్యో, తక్కువ చెప్పానే అనుకుంటాడు. అవతలివాడు ఒప్పుకోవడమే ఒక సమాచారం. అంగడికి పోయిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఇంటర్ రెండో ఏడు గణితం 2ఎలో బేయ్స్ సిద్ధాంతం పేరుతో ఉన్నదీ ఇదే. మనం దాన్ని సంచుల్లో ఎర్రబంతులు, నల్లబంతుల సూత్రంగా బట్టీ పట్టాం. బంతికి ఉద్దేశం ఉండదు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఉంటుంది.

కాబట్టి కంపెనీలని నేనడిగేది రెండే. నోటి లెక్కల వడపోత తీసేయండి, లేదా అది ఉంటుందనీ, ఎలా సాధన చేయాలనీ ప్రతి కాలేజీకీ ముందే చెప్పండి. పాచికల ఆటని ఉంచండి, కానీ నియమాలు నిదానంగా వివరించి, నాలుగైదు సార్లు ఆడించి, ధర ఎందుకు మార్చావు అని అడగండి. ఒక్క ఆటలో భయం ఎంతో, తెలివి ఎంతో విడదీయలేం.

ఇంకో లెక్క మిగిలింది. తెలిసినవాడు బేరానికి రూపాయిన్నర పట్టుకుపోతుంటే ధరలు చెప్పేవాడు ఎలా బతుకుతాడు? ఏ పాచికా చూడకుండా ఆ ధరలకే కొనేవాళ్ళ, అమ్మేవాళ్ళ మీద. వాళ్ళు ఒక్కొక్కరు అర్ధరూపాయి ఇచ్చి పోతారు. తెలిసినవాడు ఒక్కడు తగిలితే, తెలియనివాళ్ళు ముగ్గురు వస్తేగాని లెక్క సరిపోదు. సెబీ 2024 సెప్టెంబరు నివేదిక ప్రకారం అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆ ముగ్గురు ఎక్కడో లేరు.

ఇదంతా చెప్పాక మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, తను ఆర్నెల్లుగా ఆప్షన్స్ కొంటున్న యాప్ చూపించాడు. "మరి నేను కొన్నప్పుడల్లా నాకు అమ్మేటోడు ఏం చూసి అమ్ముతుండు అన్నా?" అన్నాడు. ఇంటర్వ్యూలో రావాల్సిన ప్రశ్న అదే.