ఆ పేరాలో నేను లేను

పోయిన దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్య కంప్యూటర్‌లో నా పెళ్లి ప్రొఫైలు చూశాను. ఏడాదిగా అది ఉందని తెలుసు. ఏం రాశారని ఎప్పుడూ అడగలేదు. ఇంగ్లీషులో ఉన్న ఆ పేరాని తెలుగులో చెప్పుకుంటే ఇదీ: "మా అమ్మాయి పీహెచ్‌డీ చేసింది. చామనఛాయ. ఒద్దికైన పిల్ల. సంప్రదాయాన్ని గౌరవిస్తూనే ఆధునిక భావాలు కలది. ఇల్లూ ఉద్యోగమూ రెండూ చక్కబెట్టుకోగలదు. స్థితిపరుల కుటుంబం."

దేనిమీద పీహెచ్‌డీ అన్నది లేదు. ఉన్న అయిదారు వాక్యాల్లో 'నేను' అన్న మాట ఒక్కసారీ లేదు.

ఈ సంగతి చెబితే ఒక స్నేహితురాలు, "స్త్రీవాద వ్యాసాలు రాసేదానివి, నీకు ఆ ప్రొఫైలేమిటే" అంది. నాకు పేచీ సరిగ్గా అక్కడే. స్త్రీల ఆత్మకథల్లో మౌనాల గురించి సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడతాం. మన గురించి ముక్కూ మొహం తెలియని వందమంది చదివే ఏకైక పేరాని మాత్రం అన్నయ్యకో బాబాయికో వదిలేస్తాం. అది మన స్థాయికి తగని రచన అనుకుంటాం. అలా వదిలేసిన చోటే 'ఒద్దిక' వచ్చి కూర్చుంటుంది.

ఈ భాష ఎక్కడిది? పత్రికల్లో వరుడు కావలెను ప్రకటనలకి మాటల లెక్కనో పంక్తుల లెక్కనో డబ్బు కట్టేవాళ్లు. అందుకే కులం, గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం అని పొడి మాటలు. ఇప్పుడు అవన్నీ వేరే గడుల్లో నింపుతాం, పేరాకి కావలసినంత చోటుంది. అయినా ఆ పొదుపు భాష పోలేదు, ఎందుకంటే అది పొదుపు కోసం మాత్రమే పుట్టలేదు. 'స్థితిపరులు' అన్న మాట చూడండి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టానికి 1986లో చేర్చిన 4ఎ సెక్షన్, పెళ్లికి ప్రతిఫలంగా ఆస్తిలో వాటాగానీ డబ్బుగానీ ఇస్తామని ప్రకటించడాన్ని నేరం చేసింది. ఇస్తామని రాయకుండానే ఇస్తామని చెప్పే మాట 'స్థితిపరులు'. 'హోమ్లీ' కూడా అంతే. అమెరికాలో ఆ మాటకి అందంగా లేని మనిషి అని అర్థం. మన పెళ్లి ప్రకటనల్లో ఎదురు చెప్పకుండా ఇంటిని చూసుకునేది అని.

నేనే రాస్తానన్నాను. అమ్మ బెంగపడింది. "నీ ఇష్టమొచ్చినట్టు రాస్తే అడిగేవాళ్లుండరే. ముప్పై మూడొచ్చాయి."

ఆ రాత్రి రాసిన మొదటి చిత్తులో నేను నిండా ఉన్నాను. కట్నం ఇవ్వను, ఉద్యోగం మానను, ఇంటిపేరు మార్చుకోను, జాతకాలు నమ్మను, పెళ్లిచూపులకి కూర్చోను. ప్రతి మాటా నిజమే. పొద్దున వదిన చదివి, "బావుంది గానీ, ఇది చదివినవాడు నీతో ఏం మాట్లాడతాడు? సరే అంటాడు, లేకపోతే పోతాడు" అంది. వదిన డిగ్రీతో చదువు ఆపేసింది. నా గైడు కూడా నా రాతలో అంత సూటిగా తప్పు పట్టలేదు. నిజాయితీ వేరు, సంభాషణ వేరు. ఆ చిత్తులో అన్నీ తలుపులే ఉన్నాయి, అన్నీ మూసినవే.

అప్పుడు ప్రతి మాటకీ ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఈ మాటకి వ్యతిరేకం ఎవరైనా తమ గురించి రాసుకుంటారా? 'నేను నిజాయితీ లేనిదాన్ని', 'మాకు విలువలు లేవు' అని ఎవరూ రాయరు. కాబట్టి 'నిజాయితీపరురాలు', 'విలువలు గల కుటుంబం' అన్నవి ఏమీ చెప్పని మాటలు. అలాంటివన్నీ కొట్టేస్తే అన్నయ్య పేరాలో చదువూ రంగూ మిగిలాయి. రంగు నేను తీసేశాను. ఖాళీ అయిన చోట విశేషణానికి బదులు ఒక సంఘటన పెట్టాలి. 'సాహిత్యం ఇష్టం' అని వెయ్యిమంది రాస్తారు. నాకు జరిగినది నాకే జరిగింది.

చివరికి రాసింది ఇది:

"నేను దంపుళ్ల పాటలు, తిరగలి పాటల మీద పరిశోధన చేశాను. పాడమని అడిగితే ఒక పెద్దావిడ, పాట రాదమ్మా, పని చేస్తుంటే వస్తుంది అన్నారు. వడ్లు తెచ్చి రోట్లో పోసి రోకలి చేతికిస్తే పాట వచ్చింది. హైదరాబాద్‌లో ఉంటున్నాను. వంట బాగానే చేస్తాను, రోజూ నేనే చేయాలంటే చేయను. అమ్మానాన్నలకి వయసు మీదపడ్డాక నా దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నాను. కట్నం మాట ఎత్తేవాళ్లు రాయవద్దు. మీ ఇంట్లో ఎవరైనా పని చేస్తూ పాడిన పాట మీకేదైనా గుర్తుందా?"

మొదటి చిత్తులోని నిరాకరణల్లో ఒకటే ఉంచాను, ఎవరు చెప్పినా బేరానికి రానిది. అమ్మానాన్నల సంగతి రాయడానికి భయపడ్డాను. నష్టం జరగొచ్చునని తెలిసి రాసే వాక్యం ఒక్కటైనా లేకపోతే మిగతా పేరాని ఎవరూ నమ్మరు. ఆఖరి ప్రశ్నకి అవుననో కాదనో చెప్పి తప్పించుకోవచ్చు గానీ, చెప్పేవాడికి చెప్పడానికి చోటుంది. జీతం ఎంతని అడిగితే ఆ చోటు లేదు. పని చేసే కాలేజీ పేరు, ఉండే పేట మాత్రం రాయలేదు. మనసు విప్పడం వేరు, చిరునామా ఇవ్వడం వేరు.

ఏడాదిలో అన్నయ్య పేరాకి 40 దాకా ఆసక్తులు వచ్చాయి. దాదాపు అన్నీ మీట నొక్కినవి, రాసినవి కావు. నా పేరాకి నాలుగు నెలల్లో ఏడు. అమ్మ భయం నిజమే. వాటిలో ఒకరు పాట సంగతి వదిలేసి నా జీతం అడిగారు. ఇంకొకరు, "మీరు కొంచెం మొండివారనుకుంటాను" అన్నారు. ఒకతను మాత్రం ఇలా రాశాడు: "మా నాయనమ్మ నాట్లేస్తూ పాడేది. నాకు ఒక్క ముక్కే గుర్తుంది. మీరడిగారని రాత్రి మా అమ్మకి ఫోన్ చేస్తే మిగతాదంతా పాడింది. మా అమ్మ పాడుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు."

అతనితో పెళ్లి కాలేదు. మూడు నెలలు మాట్లాడుకున్నాం. వాళ్ల నాన్నగారు నా వయసు దగ్గర ఆగారు, అతను వాళ్ల నాన్నగారి దగ్గర ఆగాడు. పేరా చేయగలిగింది మొదటి మాట వరకే. ఇంకో హద్దు కూడా ఒప్పుకోవాలి. అన్నయ్య కులం గడి ముందే నింపి ఉంచాడు. వెతికేవాళ్లు ఆ జల్లెడ పట్టాకే నా పేరా తెరుచుకుంటుంది. ఎంత నిజంగా రాసినా అది ఒకే వాడలో చదివే నిజం. మొన్న ఆ గడిలో 'పట్టింపు లేదు' అని మార్చాను. అన్నయ్య వారం రోజులు మాట్లాడలేదు. నాన్న ఇంకా మాట్లాడటం లేదు.

పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఎవరి చర్చ వారిది. చేసుకోదలచి, ప్రొఫైలు ఉన్నవాళ్లని మాత్రం ఒకటి అడుగుతున్నాను. ఈ రాత్రి దాన్ని తెరిచి చూడండి. అందులో కర్త ఎవరు?