హృదయం బొమ్మను మూడు పేజీలుగా విడదీయాలి: తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థకు బహిరంగ లేఖ



అల్పదృష్టి అంటే కళ్ళద్దాలు పెట్టినా, చికిత్స చేసినా పూర్తిగా సరికాని చూపు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని అంధత్వం నుంచి వేరుచేసి నిర్వచించింది. ఇటువంటి విద్యార్థికి బ్రెయిలీ అవసరం లేకపోవచ్చు గాని, అందరికీ ఇచ్చే పునశ్చరణ పత్రం మాత్రం పనికిరాదు. సాధారణంగా దొరికే పరిష్కారం, ఏ4 పేజీని జిరాక్సులో ఏ3 కాగితం పైకి పెంచి ఇవ్వడం. అలా పెంచినప్పుడు అక్షరం 1.41 రెట్లే పెరుగుతుంది కనుక 12 పాయింట్ల అక్షరం 17 పాయింట్ల దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు, నీలం రంగులు రెండూ ఒకే బూడిదరంగుగా మారతాయి. కాగితాన్ని కంటికి బాగా దగ్గరగా పట్టుకుని చదివే విద్యార్థికి ఆ వెడల్పు మరో భారమవుతుంది.

పెద్ద అక్షరానికి ఆంగ్లంలో 18 పాయింట్లను కనీస ప్రమాణంగా పాటించడం వాడుక. తెలుగుకు ఈ అంకెను యథాతథంగా తీసుకోవడం సరికాదు, ఎందుకంటే తెలుగులో చూపుకు పరీక్ష పెట్టేది అక్షరం కాదు, దాని కింద అంతకంటే చిన్నదిగా వేలాడే ఒత్తు. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా చూపేది ఒక చిన్న గీత మాత్రమే. అందువల్ల విద్యార్థి ఒత్తులను తప్పు లేకుండా గుర్తించగలిగే అతిచిన్న పరిమాణమేదో ముందు తెలుసుకుని, దానికి దాదాపు రెట్టింపు పరిమాణంలో పేజీని అచ్చువేయాలి. కష్టపడి గుర్తుపట్టగల పరిమాణం వేరు, అరగంటపాటు ధారాళంగా చదవగల పరిమాణం వేరు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచాలి. ముఖ్యమైన మాట కింద గీత గీస్తే అది ఒత్తులను కోసేస్తుంది కాబట్టి ఆ అలవాటును మానాలి. మరీ మందమైన అచ్చులో ‘ఘ’, ‘ణ’ వంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి కనుక మధ్యరకం మందమే మేలు.

పదో తరగతి జీవశాస్త్రంలోని హృదయం నిలువుకోత పటాన్ని ఉదాహరణగా తీసుకుంటే అసలు చిక్కు స్పష్టమవుతుంది. ఆ ఒక్క బొమ్మలో నాలుగు గదులు, కవాటాలు, రక్తనాళాలు, వాటి పేర్లకు లాగిన సన్నని గీతలు కలిసిపోతాయి. పేరు గీత ఎక్కడ ముగిసి నాళం అంచు ఎక్కడ మొదలైందో అల్పదృష్టి గల విద్యార్థికి తెలియదు. దీనిని మూడు పేజీలుగా విడదీయవచ్చు. మొదటి పేజీలో గదులు, వాటి నడిమి విభాజకం మాత్రమే ఉండి, పేర్లు గదుల లోపలే అడ్డంగా ఉండాలి. రెండో పేజీలో అదే రూపురేఖకు, అదే చోట, రక్తనాళాలు చేరాలి. మూడో పేజీలో కవాటాలు చేరాలి. ఆమ్లజని ఉన్న రక్తానికి తెల్లని ఖాళీ, లేని రక్తానికి ఎడంగా గీసిన మందపాటి ఏటవాలు గీతలు వాడితే పుపుస ధమని ఏ రక్తాన్ని మోస్తుందో రంగు లేకుండానే తెలుస్తుంది. పేజీలో ఎడమవైపు కనిపించేది హృదయపు కుడిభాగమన్న మాట మూడు పేజీల్లోనూ ఒకేచోట రాసి ఉండాలి.

సరళీకరణ పేరుతో పాఠ్యాంశం తగ్గకూడదు. కండరాల ఛాయలను తీసివేయవచ్చు గాని, ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే మందంగా ఉంటుందన్నది పరీక్షలో అడగదగిన విషయం కాబట్టి, ఆ తేడాను అసలు పటంలోకంటే కొట్టొచ్చినట్టు చూపాలి. ఏది తీసేయాలో నిర్ణయించవలసింది చిత్రకారుడు ఒక్కడే కాదు, పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కూడా.

భూతద్దంతో చదివే విద్యార్థికి ఒకసారికి కొన్ని మాటలే కనిపిస్తాయి తప్ప పేజీ మొత్తం ఎప్పుడూ కనిపించదు. అందువల్ల శీర్షిక, బొమ్మ, పేర్ల పట్టిక, పేజీ సంఖ్య ప్రతి పేజీలో ఒకేచోట ఉంటే వెతుకులాట పోయి చదువు మిగులుతుంది. బొమ్మ ఒకవైపు, దాని పేర్ల పట్టిక కాగితం వెనుకవైపు ఉండే అమరిక అన్నిటికంటే హానికరం. కాగితం మెరుపు లేనిదై, వెనుక అచ్చు ఇవతలికి కనిపించనంత మందంగా ఉండాలి.

అయితే చూపు కేంద్రంలో మాత్రమే మిగిలి, చుట్టూ క్షీణించిన విద్యార్థికి అతిపెద్ద అక్షరం చూపు పరిధిలో పట్టదు. అతనికి సాధారణ పరిమాణంలో, గాఢమైన నలుపుతో అచ్చయిన పేజీయే కావాలి. పేజీ కుదిరిందో లేదో తేల్చడానికి విద్యార్థితో పైకి చదివించాలి. తల ముందుకు వంగడం, వరుస తప్పడం, ఒత్తులు తారుమారు కావడం కనిపిస్తే పేజీని మార్చాలి.

ఇటువంటి మార్పు బడిలోనే జరగాలంటే స్కాన్ చేసిన పీడీఎఫ్ చాలదు. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పాఠం మరో కంప్యూటరులోకి వెళ్ళగానే అర్థంలేని గుర్తులుగా మారుతుంది. కనుక సంస్థ, హృదయం పటం ఉన్న ప్రసరణ పాఠాన్ని మొదటి ప్రయత్నంగా తీసుకుని, దాని పునశ్చరణ పేజీలను యూనికోడ్‌లో, పరిమాణం మార్చుకోగల దస్త్రాలుగా, గీతలతో కూర్చిన మూడు బొమ్మలతో సహా వచ్చే విద్యాసంవత్సరం ఆరంభానికే ఉపాధ్యాయులకు అందించాలని ఈ లేఖ కోరుతున్నది.