‘విషయం: మా పొలం గురించి’

మొన్న పక్కింటి కుర్రాడు తహసీల్దారుకి రాసిన అర్జీ తెచ్చి చూపించాడు. విషయం దగ్గర ‘మా పొలం గురించి’ అని ఉంది. కింద పేజీ నిండా కష్టాలే. కావలసిందేమిటో చివరి వరసలో దొరికింది!

పొలం గురించంటే సర్వేనా, సరిహద్దు తగాదానా, పేరు మార్పా? ముందుగా కాగితం అందుకునే గుమాస్తాకి అర్థం కాకపోతే అది వేరే సెక్షన్‌కి పోతుంది. అందుకే ఇలా మార్చాం:

‘విషయం: ఫలానా గ్రామం సర్వే నం. 112/2లోని 1 ఎకరం 20 సెంట్ల భూమి – మరణించిన తండ్రి పేరు నుంచి నా పేరుకు మార్పు – పెండింగు దరఖాస్తు పరిష్కారం కోరుతూ.

సూచిక: నా దరఖాస్తు నంబరు, తేదీ.’

మొదటి పేరా: ‘మా నాన్నగారు మార్చిలో మరణించారు. నేను ఏకైక వారసుణ్ణి, ధ్రువపత్రం జతచేశాను. పేరు మార్పుకు జూన్‌లో దరఖాస్తు చేశాను, ఇంకా తేలలేదు. పాసుపుస్తకం నా పేరిట లేక పంట రుణం రావడం లేదు. దయచేసి విచారించి పేరు మార్చ ప్రార్థన.’

మిగతా కష్టాలు రెండో పేరాలో చెప్పుకోవచ్చు. రాశాక విషయం తప్ప మిగతాదంతా చేత్తో మూసి, ఇంట్లో ఎవరికైనా చూపించండి. ఏం అడుగుతున్నారో వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయాల్సిందే.