'రేపు' అంటే ఏ రోజు?

నిజామాబాద్‌లో ఓ రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారనుకోండి. గురువారం రాత్రి 11:50కి మేనేజర్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "రేపు ఈవినింగ్ షిఫ్ట్ క్యాన్సిల్, ఎవరూ రాకండి, తర్వాత చెప్తా." దీన్ని పద్ధతిగా నోటీసు రాయమని మీకు అప్పగించాడు.

చాలామంది పైన 'గౌరవనీయులైన సిబ్బందికి' అని తగిలించి 'రేపు'ను అలాగే వదిలేస్తారు. బోధన్ నుంచి బస్సులో వచ్చే కుర్రాడు దాన్ని పొద్దున్నే చూస్తే? 'రేపు' శనివారం అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం వచ్చేస్తాడు, బస్సు చార్జీలు దండగ.

రాసేముందు మేనేజర్‌ని అడగండి. 'ఎవరూ' అంటే వంటవాళ్లు కూడానా? మళ్లీ షిఫ్ట్ ఎప్పుడు? ఆ పూట జీతం సంగతేంటి? జీతం విషయంలో జవాబు రాకపోతే మీరే ఊహించి రాయొద్దు. తర్వాత సిబ్బంది పట్టుకునేది మీరు రాసిన మాటనే.

"నవంబరు 14, శుక్రవారం సాయంత్రం 5 నుంచి రాత్రి 11 వరకు సర్వీస్ షిఫ్ట్ రద్దు. కిచెన్ సిబ్బంది యథావిధిగా రావాలి. శనివారం షిఫ్టుల్లో మార్పు లేదు. రద్దయిన షిఫ్ట్ వేతనంపై శనివారం మధ్యాహ్నం 12 లోగా తెలియజేస్తాం. చూసినవారు 'అందింది' అని రిప్లై ఇవ్వగలరు. - మేనేజర్"

రిప్లై రానివాళ్లకు ఫోన్ చేయడం కూడా ఈ పనిలోదే.