పన్నెండు గొడుగులున్నా తడిసే ఇల్లు

అధ్యక్షులవారికీ, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చిన పెద్దలకూ, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన నా తోటి ఇల్లాళ్ళకూ నమస్కారం. పప్పు ఉడికేలోగా ముగిస్తాను.

మన బిల్డింగులో 12 ఇళ్ళు. మేడ మీద 12 డిష్షులు. ఒక్కో డిష్షుకి నాలుగు బోల్టులు. అంటే డబ్బిచ్చి, దగ్గరుండి మరీ మన స్లాబుకి మనం పొడిపించుకున్న బెజ్జాలు 48! కాగజ్‌నగర్ ఎండల సంగతి వేరే చెప్పాలా? ఎండకి బోల్టు చుట్టూ సిమెంటు పగిలింది. వానకి ఆ సందులోంచి నీళ్ళు దిగాయి. మూడో అంతస్తు అత్తయ్యగారు మంచం పక్కన బకెట్టు పెట్టుకుని పడుకుంటున్నారు. నెత్తిన పన్నెండు గొడుగులు పెట్టుకుని తడుస్తున్న ఇల్లు మనదొక్కటేనేమో!

"మా టీవీ మా ఇష్టం, మీకెందుకమ్మా?" అన్నారొకరు. టీవీ మీదే బాబూ, స్లాబు మాత్రం అందరిదీ. మీ బాక్సు, మీ కార్డు, మీరు కట్టే ప్యాకేజీ అన్నీ మీకే ఉంటాయి. ఉమ్మడి చేద్దామంటున్నది ఆకాశంకేసి చూసే ఆ పళ్ళేన్ని మాత్రమే. ఇదేం కొత్త సంగతీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు ఉపగ్రహం పంపిన కార్యక్రమాలు చూశాయి. పల్లెకంతటికీ ఒకే టీవీ, కోళ్ళగూటి వలతో చేసిన ఒకే యాంటెన్నా. ఊరంతా ఒక యాంటెన్నాతో సర్దుకున్నప్పుడు పన్నెండిళ్ళం సర్దుకోలేమా?

అయితే మనకి ఒకటి చాలదు, రెండు కావాలి. ఎందుకంటే ఒక డిష్షు ఒక దిక్కుకే చూస్తుంది. నెల చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ మనలో నాలుగిళ్ళవారు చూస్తున్నారు. దాని ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మన ఊరి నుంచి చూస్తే అది ఆగ్నేయం, వంటింటి మూల. మిగిలిన ఎనిమిదిళ్ళవారి కంపెనీ ఉపగ్రహం దాదాపు నేరుగా దక్షిణాన ఉంది. కనుక ఆగ్నేయానికొకటి, దక్షిణానికొకటి పెడదాం. అవి కూడా స్లాబు మీద కాదు, మెట్లగది గోడకి బిగించాలి.

ఇక వైరు సంగతి. క్రితం ఏడు మేమూ, ఎదురింటి వదినగారూ తెలివిగా ఒకే వైరుని చీల్చి పంచుకున్నాం. ఆవిడ సీరియల్ పెడితే నా వార్తలు మాయం! తరువాత తెలిసింది కారణం. అలలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని వస్తాయట. ఏవి కావాలో మన బాక్సు 13 వోల్టులో, 18 వోల్టులో వైరులోకి పంపి డిష్షు ముక్కుకి, అదే ఎల్‌ఎన్‌బీకి, చెబుతుంది. రెండిళ్ళ బాక్సులూ ఒకే ముక్కుకి రెండు రకాలుగా చెబితే 18 వారిదే పైచేయి.

అందుచేత నాలుగిళ్ళ డిష్షుకి 'క్వాడ్' రకం ఎల్‌ఎన్‌బీ వేయిస్తే చాలు. దానికి నాలుగు నోళ్ళు, ఎవరి నోరు వారిదే. ఎనిమిదిళ్ళ డిష్షుకి 'క్వాట్రో' రకం, దాని కింద మల్టీస్విచ్ అనే పెట్టె. అక్కణ్ణించి ఇంటికొక వైరు. పేర్లు కవలల్లా ఉన్నాయి, జాగ్రత్త! క్వాట్రో వైర్లని నేరుగా బాక్సులకి తగిలిస్తే కొన్ని చానెళ్ళే వచ్చి తక్కినవి రావు. బిగించిన రోజే ప్రతి ఇంట్లో చానెళ్ళన్నీ తిప్పి చూశాకే డబ్బివ్వాలి.

"ఒకటి చెడితే అందరికీ పోతుందిగా?" నిజమే, పోతుంది. పైగా మల్టీస్విచ్‌కి కరెంటు కావాలి, దానికి లిఫ్టు ఇన్వర్టరు నుంచి లైను ఇవ్వాలి. జడివానకి చిత్రం ఆగడం కూడా పూర్తిగా పోదు. డిష్షు కాస్త పెద్దది వేస్తే తగ్గుతుందంతే. కానీ రోగం పట్టుకోవడం తేలిక. ఒక్క ఇంట్లోనే రాకపోతే లోపం చాలావరకు ఆ ఇంటి వైరుదో, బాక్సుదో. ఒక డిష్షు వారందరికీ రాకపోతే పైకెక్కి చూడాలి. ఇప్పుడో? ఎవరి డిష్షుని ఎవరి కోతి కదిపిందో తేలక పన్నెండుగురం పన్నెండుసార్లు మెకానిక్కుకి సమర్పించుకుంటున్నాం.

కొత్త సామాను ఖర్చు డిష్షులు వాడేవారే పంచుకుందాం. పాత బెజ్జాలు పూడ్చే ఖర్చు మాత్రం సొసైటీ పెట్టుకోవాలి. ఇద్దరు మెకానిక్కుల దగ్గర కాగితం మీద ధరలు రాయించుకుని, మృగశిర కార్తెలోగా పని ముగించాలని నా ప్రతిపాదన.

చేతులెత్తని వారికి ఒక్కటే మనవి. ఈ వానాకాలం ఒక్క రాత్రి అత్తయ్యగారి గదిలో, బకెట్టు పక్కన పడుకుని చూడండి. పొద్దున్నే మీరే వచ్చి తీర్మానం మీద సంతకం పెడతారు.

పప్పు మాడు వాసనేస్తోంది. సెలవు.